రెండు క్లోరిన్లు బయట, ఒకటి లోపల

CoCl₃·5NH₃ అనే ఊదా రంగు లవణాన్ని చల్లటి నీళ్లలో కరిగించి, సిల్వర్ నైట్రేట్ కలిపితే తెల్లటి అవక్షేపం దిగుతుంది. కానీ ఫార్ములాలో ఉన్న మూడు క్లోరిన్లలో రెండే అలా బయటపడతాయి. మూడోది ఏమైంది?

జ్యూరిచ్‌లో పనిచేసిన ఆల్ఫ్రెడ్ వెర్నర్ 1893లో దీనికి జవాబు చెప్పాడు. ఆ క్లోరిన్ నేరుగా కోబాల్ట్‌కే అతుక్కుని ఉంది. అందుకే ఈ లవణాన్ని [Co(NH₃)₅Cl]Cl₂ అని రాయాలి. ద్రావణాన్ని వేడిచేస్తే లోపలి క్లోరిన్ కూడా మెల్లగా ఊడివస్తుంది, లెక్క తప్పుతుంది. పరీక్ష చల్లగా, త్వరగా చేయాల్సింది అందుకే.

బ్రాకెట్‌లో లోహానికి ఎలక్ట్రాన్ జంటనిచ్చి అతుక్కున్నవే లైగాండ్లు. ఇక్కడ అయిదు అమ్మోనియాలు, ఒక క్లోరైడ్ కలిపి సమన్వయ సంఖ్య 6. అయితే లెక్కపెట్టాల్సింది లైగాండ్లను కాదు, అతుక్కున్న పరమాణువులను. చాలామంది విద్యార్థులు తడబడేది ఇక్కడే. ఇథిలీన్‌డైఅమీన్ రెండు నైట్రోజన్లతో పట్టుకుంటుంది కాబట్టి, అవి మూడే ఉన్నా సమన్వయ సంఖ్య 6 అవుతుంది.

ఇక పేరు. బయట రెండు క్లోరైడ్‌లున్నాయి కనుక బ్రాకెట్ ఆవేశం +2. లోపలి క్లోరైడ్ −1, అమ్మోనియా సున్నా, కాబట్టి కోబాల్ట్ +3. లైగాండ్లను ఇంగ్లిష్ అక్షర క్రమంలో ముందు చెప్పాలి. ‘పెంటా’ను ఆ క్రమంలో లెక్కించరు, అందువల్ల క్లోరిడో కంటే అమ్మీన్ ముందొస్తుంది: పెంటాఅమ్మీన్‌క్లోరిడోకోబాల్ట్(III) క్లోరైడ్.