పండక్కి అందదు, 20న అందుతుంది

సంక్రాంతికి వారం ముందు కోనసీమలో అరిసెలు చేసి పార్సిల్ పంపే ఇళ్లలో ఫోన్లు మోగుతూనే ఉంటాయి. అందరూ అడిగేది ఒక్కటే: "మా పార్సిల్ ఎప్పుడొస్తుందండీ?" దానికి చాలామంది పెట్టే జవాబు దాదాపు ఇలా ఉంటుంది: "పండగ రద్దీ వల్ల ఆలస్యమవుతోంది, అసౌకర్యానికి చింతిస్తున్నాం, త్వరలోనే పంపిస్తాం." మర్యాదగానే ఉంది కానీ, అడిగినదానికి జవాబు అందులో లేదు. అందుకే మర్నాడు మళ్లీ అదే ఫోను వస్తుంది. క్షమాపణ పంపాక కూడా "ఎప్పుడు?" అని అడుగుతున్నారంటే ఆ సందేశం పని చేయలేదన్నమాట.

తేదీ చెప్పాలంటే ముందు తేదీ తెలియాలి. అది ఊహించి చెప్పేది కాదు, లెక్కగట్టి చెప్పేది.

2026 సంక్రాంతినే తీసుకుని ఒక లెక్క వేద్దాం. జనవరి 9, శుక్రవారం రాత్రికి ఇంకా 160 డబ్బాలు పంపాల్సి ఉన్నాయనుకుందాం. రోజుకు 40 డబ్బాలకు మించి తయారు కావు. మనుషుల్ని పెంచితే సరిపోతుందనిపిస్తుంది గానీ అరిసెల దగ్గర ఆ ఎత్తు పారదు. బియ్యం ముందురోజే నానబోయాలి, తడిపిండి ఆరకముందే పాకంలో కలపాలి. ఇవాళ నానని బియ్యానికి రేపు ఎంతమంది వచ్చినా చేసేదేమీ లేదు. కాబట్టి 10 నుంచి 13 దాకా నాలుగు రోజులు పడుతుంది.

10న తయారయ్యే 40 డబ్బాలకు ఒక దారి ఉంది. ముందుగా ఆర్డరిచ్చిన హైదరాబాద్ వాళ్లకు వాటిని ఆర్టీసీ కార్గోలో వేసి, బస్టాండుకు వచ్చి తీసుకోగలరా అని అడగవచ్చు. వాళ్లకు పండగ దక్కుతుంది. మిగతా 120 డబ్బాలు 13 సాయంత్రానికి కొరియర్ చేతికి వెళ్తాయి. 14 భోగి, 15 సంక్రాంతి, 16 కనుమ. ఆ మూడు రోజులూ బట్వాడా ఉండదనుకోవడమే క్షేమం. కొరియర్‌కు రెండు పనిదినాలు పడితే 17 శనివారం ఒకటి, ఆదివారం పోగా 19 సోమవారం రెండోది. పండగ తర్వాత పేరుకుపోయే సరుకు కోసం ఇంకో రోజు కలిపితే 20, మంగళవారం.

ఆ అదనపు రోజును చాలామంది వదిలేస్తారు. 19 అంటే కొనేవాళ్లు కాస్త తక్కువ కోప్పడతారని ఆశ. అయితే 19 అని చెప్పి 20న ఇస్తే రెండోసారి మాట తప్పినట్టు. 20 అని చెప్పి 19న ఇస్తే ఎవరూ ఫోన్ చేయరు.

ఇప్పుడు ఆ 120 మందికి వెళ్లాల్సిన సందేశం ఇలా ఉండొచ్చు:

"నమస్కారమండీ. మీ అరిసెల పార్సిల్ పండక్కి అందదు. జనవరి 20, మంగళవారం సాయంత్రంలోపు విజయవాడలో మీరిచ్చిన చిరునామాకు చేరుతుంది. చేయగలిగినదానికంటే ఎక్కువ ఆర్డర్లు తీసుకున్నాం, తప్పు మాదే. క్షమించండి. ఆలస్యంగా వద్దనుకుంటే రేపు రాత్రి 8 లోపు 'వద్దు' అని పంపండి, మీరు కట్టిన డబ్బు మొత్తం రేపే యూపీఐలో తిరిగి వేస్తాం. జవాబు రాకపోతే పార్సిల్ పంపిస్తాం. డబ్బా మీద వండిన తేదీ ఉంటుంది."

ఇందులో అన్నిటికంటే కష్టమైన మాట "పండక్కి అందదు". దాన్ని రాయలేకే "కొంచెం అటూ ఇటూ" అంటూ దాటేస్తుంటారు. పండగనాడు అల్లుడి ముందు పెట్టాలని కొన్నవాళ్లకు అసలు తెలియాల్సింది అదే. 9వ తేదీన తెలిస్తే ఊళ్లోనే ఇంకో చోట కొనుక్కుంటారు, 14న తెలిస్తే ఏమీ చేయలేరు. ఇంకో చిక్కు "పంపుతాం" అనే మాటతో వస్తుంది. 13న పంపుతామంటే 13న వస్తుందని చదువుకునేవాళ్లు చాలామంది. అందుకే "చేరుతుంది" అనే రాయాలి, పక్కన వారం పేరు కూడా ఉండాలి. "వద్దు" అనడానికి గడువు పెట్టడం దబాయింపు కాదు. రేపు రాత్రికి ఇరవై మంది మానుకున్నారని తెలిస్తే ఆ మేరకు బియ్యం తక్కువ నానబోస్తారు.

సందేశం బాగా రాసినా చేరకపోవచ్చు. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ జాబితాకు పంపితే, పంపినవాళ్ల నంబరును తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది అందుతుంది. కొత్తగా కొన్నవాళ్లలో ఎక్కువమంది సేవ్ చేసుకుని ఉండరు. వాళ్లకు విడివిడిగా పంపాలి, రెండు టిక్కులు పడనివాళ్లకు ఫోన్ చేయాలి. డబ్బు కట్టింది హైదరాబాద్‌లో ఉన్న కూతురు, పార్సిల్ వెళ్లేది విజయవాడలో అమ్మకు అయితే సందేశం కూతురికే పోతుంది. కాబట్టి అందులో ఊరి పేరు తప్పకుండా ఉండాలి, 19న కొరియర్ ట్రాకింగ్ నంబరు పంపేటప్పుడు అమ్మగారి ఫోనుకు కూడా పంపాలి.