ఒకే గట్టు తగాదా, మూడు రకాల విచారణ

క్రిమినల్ కేసు ఏ కోర్టులో నడవాలి, ఎన్ని దశలు దాటాలి అన్నది చాలావరకు ఒక అంకె మీద ఆధారపడి ఉంటుంది. ఛార్జిషీటులో రాసిన సెక్షన్‌కు చట్టం పెట్టిన గరిష్ఠ శిక్షే ఆ అంకె. చివరికి పడే శిక్ష ఎంతైనా కావచ్చు, లెక్కలోకి వచ్చేది మాత్రం పడగలిగే శిక్షే.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ఇక్కడ రెండేళ్ల దగ్గర గీత గీసింది. పాత సీఆర్‌పీసీలోనూ గీత అక్కడే ఉండేది. మరణశిక్షకు, యావజ్జీవానికి, రెండేళ్లు దాటిన జైలుకు అవకాశమున్న నేరమైతే అది వారంటు కేసు. మిగిలినవన్నీ సమన్ల కేసులు. సరిగ్గా రెండేళ్లయితే గీత దాటనట్టే. గరిష్ఠ శిక్ష రెండేళ్లున్న చెక్ బౌన్స్ నేరం అందుకే సమన్ల కేసు.

సెషన్స్ విచారణకు కొలబద్ద వేరు. సంహిత మొదటి షెడ్యూలులో ప్రతి నేరానికీ ఎదురుగా దాన్ని ఏ కోర్టు విచారించాలో రాసి ఉంటుంది. అక్కడ ‘సెషన్స్ కోర్టు’ అని ఉంటేనే కేసు సెషన్స్‌కు వెళ్తుంది. శిక్ష పెద్దదైనంత మాత్రాన వెళ్లదు. ప్రభుత్వోద్యోగి చేసిన నమ్మకద్రోహానికి యావజ్జీవం వరకు పడవచ్చు, అయినా దాన్ని విచారించేది ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటే.

ఈ తేడాలు కాగితం మీద కంటే ఒక కేసులో బాగా తెలుస్తాయి. పక్కపక్క పొలాల రైతులిద్దరు గట్టు దగ్గర గొడవపడ్డారనుకుందాం. ఒకరు కొట్టారు, రెండోవారికి దెబ్బ తగిలింది.

మొదటి మెట్టు: చెంపదెబ్బ, గరిష్ఠం 1 ఏడాది

ముఖం వాచింది, ఎముకకు ఏమీ కాలేదు. ఇది భారతీయ న్యాయ సంహిత 115(2) కిందికి వస్తుంది. ఏడాది వరకు జైలు, రూ.10,000 వరకు జరిమానా, లేదా రెండూ. ఇది నాన్ కాగ్నిజబుల్ నేరం కాబట్టి మెజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. దెబ్బతిన్న రైతు నేరుగా కోర్టులోనే ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవచ్చు.

ఈ విచారణలో లాంఛనంగా అభియోగం రాయరు. మెజిస్ట్రేటు ఆరోపణ సారాంశం చదివి వినిపించి, ఒప్పుకుంటారా లేదా అని ముద్దాయిని అడుగుతారు. ఒప్పుకోకపోతే సాక్షుల విచారణ మొదలవుతుంది. సాక్ష్యాన్ని పూర్తిగా కాకుండా సారాంశంగా రాసుకుంటే చాలు. దోషి అని తేలితే శిక్ష మీద విడిగా వాదనలు వినాలన్న నియమం కూడా లేదు.

కొత్త చట్టం ఇక్కడ రెండు మార్పులు తెచ్చింది. ఆరోపణకు ఆధారమే లేదనిపిస్తే మెజిస్ట్రేటు కారణాలు రాసి ముద్దాయిని వదిలేయాలి. సమన్ల కేసులో ఈ దశలో డిశ్చార్జి కుదరదని సుప్రీంకోర్టు 2004లో సుబ్రమణ్యం సేతురామన్ కేసులో చెప్పింది. నాగరిక్ సురక్షా సంహిత 274వ సెక్షన్ ఇప్పుడు ఆ తలుపు తెరిచింది. రెండో మార్పు ఫిర్యాదికి సంబంధించింది. ప్రైవేటు ఫిర్యాదు మీద నడిచే సమన్ల కేసులో ఫిర్యాది వాయిదాకు రాకపోతే ముద్దాయి నిర్దోషిగా బయటపడతాడు. అయితే ఇప్పుడు అంతకు ముందు ఫిర్యాదికి 30 రోజుల గడువివ్వాలి.

రెండో మెట్టు: విరిగిన ఎముక, గరిష్ఠం 7 ఏళ్లు

అదే గొడవలో కర్రదెబ్బకు ముంజేయి విరిగిందనుకుందాం. ఎముక విరిగితే అది తీవ్ర గాయం. సెక్షన్ 117(2), ఏడేళ్ల వరకు జైలు. ఎముక విరగకపోయినా 15 రోజులు తీవ్రమైన నొప్పితో బాధపడినా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా తీవ్ర గాయమే. పాత ఐపీసీలో ఇది 20 రోజులు ఉండేది. అందుకే ఆసుపత్రి ఇచ్చే వూండ్ సర్టిఫికెట్‌లో ఒక్క వాక్యం కేసును సమన్ల నుంచి వారంటుకు మార్చేస్తుంది.

వారంటు కేసు అనగానే అరెస్టు ఖాయమని, బెయిలు రాదని చాలామంది భయపడతారు. 117(2) వారంటు కేసే అయినా బెయిలబుల్ నేరం. బెయిలు వస్తుందా రాదా అన్నది షెడ్యూలులో వేరే గడి చెబుతుంది. వారంటు కేసులోనూ మెజిస్ట్రేటు మొదట సమన్లు పంపవచ్చు.

అసలు మార్పు దశల్లో ఉంది. పోలీసు కేసులో ముద్దాయి హాజరయ్యాక 14 రోజుల్లోగా ఛార్జిషీటు, వాంగ్మూలాల నకళ్లు ఇవ్వాలి. అవి అందాక డిశ్చార్జి పిటిషన్ వేయడానికి 60 రోజుల గడువుంటుంది. డిశ్చార్జి కాకపోతే అభియోగం రాతపూర్వకంగా నమోదు చేయాలి. దానికి అభియోగంపై మొదటి విచారణ రోజు నుంచి 60 రోజులు గడువు. సాక్ష్యాన్ని పూర్తిగా రికార్డు చేస్తారు. దోషి అని తేలాక శిక్ష విషయంలో ముద్దాయి చెప్పేది వినాలి.

ఇక్కడ ఒక పరిమితి ఉంది. ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటు మూడేళ్లకు మించి జైలు వేయలేరు. అంతకంటే ఎక్కువ శిక్ష తగునని అనిపిస్తే ఫైలును ఏడేళ్ల వరకు వేయగల చీఫ్ జుడీషియల్ మెజిస్ట్రేటుకు పంపాలి.

మూడో మెట్టు: తల మీద గొడ్డలి

చంపాలనే ఉద్దేశంతో తల మీద గొడ్డలితో కొట్టారన్నది ఆరోపణ అయితే సెక్షన్ 109(1), హత్యాయత్నం. పదేళ్ల వరకు జైలు, గాయమైతే యావజ్జీవం కూడా పడవచ్చు. షెడ్యూలులో దీనికెదురుగా సెషన్స్ కోర్టు అని ఉంటుంది.

అయినా ఛార్జిషీటు ముందు మెజిస్ట్రేటు దగ్గరికే వస్తుంది. తెలుగు రాష్ట్రాల కోర్టుల్లో ఈ దశలో కేసుకు పీఆర్‌సీ నంబరు పడుతుంది. మెజిస్ట్రేటు సాక్షులను విచారించరు. నకళ్లు ఇచ్చి, కేసును సెషన్స్‌కు కమిట్ చేస్తారు. కాగ్నిజెన్స్ తీసుకున్న 90 రోజుల్లో ఇది పూర్తి కావాలి, కారణాలు రాస్తే 180 రోజుల వరకు పొడిగించవచ్చు. సెషన్స్ కోర్టుకు చేరాక ఎస్‌సీ నంబరు వస్తుంది.

అక్కడ ప్రాసిక్యూషన్ నడిపేది పబ్లిక్ ప్రాసిక్యూటరే. కమిట్ అయిన 60 రోజుల్లో డిశ్చార్జి అడగవచ్చు. ప్రాసిక్యూషన్ సాక్ష్యం ముగిశాక నేరం చేసినట్టు ఆధారమే లేదనిపిస్తే, డిఫెన్స్ సాక్షులను పిలవకుండానే జడ్జి నిర్దోషిగా తీర్పు ఇవ్వాలి. వాదనలు ముగిశాక 30 రోజుల్లో, కారణాలు రాస్తే 45 రోజుల్లో తీర్పు రావాలి.

ఫైలు వెనక్కీ రాగలదు

గొడ్డలి దెబ్బ నిజమే, చంపే ఉద్దేశానికి మాత్రం ఆధారం లేదని అభియోగం దశలోనే సెషన్స్ జడ్జికి అనిపించవచ్చు. అప్పుడు తగిన సెక్షన్ కింద అభియోగం రాసి కేసును మెజిస్ట్రేటుకు పంపవచ్చు. అక్కడది వారంటు కేసుగా నడుస్తుంది. మెజిస్ట్రేటు ముందున్న కేసులో సెషన్స్ నేరం బయటపడితే, విచారణ మధ్యలోనైనా పైకి కమిట్ చేయాల్సిందే. ఆరు నెలలు దాటిన శిక్ష ఉన్న సమన్ల కేసును న్యాయం కోసం వారంటు పద్ధతిలో మళ్లీ విచారించవచ్చు కూడా.

కేసులో చిక్కుకున్నవారు ఛార్జిషీటు నకలు అందగానే వకీలును మూడు ప్రశ్నలు అడగాలి. ఈ సెక్షన్లలో అత్యధిక శిక్ష ఎంత? షెడ్యూలులో ఏ కోర్టు రాసి ఉంది? డిశ్చార్జి గడువు ఏ రోజు నుంచి మొదలైంది? మొదటి రెండింటి జవాబు తర్వాత మారినా సరిదిద్దుకోవచ్చు. మూడోదాన్ని వెంటనే క్యాలెండరులో గుర్తుపెట్టుకోండి, 60 రోజులు వాయిదాల్లోనే ఇట్టే గడిచిపోతాయి.