ఒక చెవిలో పాట, ఒక చెవిలో గుసగుస

ముషైరిబ్ మెట్రో స్టేషనులో మూడు లైన్లు కలుస్తాయి. అక్కడ రైలు మారే మనవాళ్లలో చాలామంది చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి. "డాక్టరుగారూ, ఎడమ చెవి సరిగా వినబడటం లేదండీ" అని వచ్చేవారిలో కొందరికి చెవి బాగానే ఉంటుంది, చెడింది ఇయర్‌ఫోను. మరికొందరు ఇయర్‌ఫోనునే తిట్టుకుంటూ రోజులు గడిపేస్తారు, చెడింది చెవి.

రెంటినీ విడదీయడానికి అరనిమిషం చాలు. ఎడమది కుడి చెవికి, కుడిది ఎడమ చెవికి మార్చి పెట్టుకోండి. లోపం అవతలి చెవికి మారితే దోషం పరికరానిది. అదే చెవిలో నిలిచిపోతే దోషం చెవిది.

ఒక ఇంజనీరుగారి విషయంలో అది మారింది. ముందు ఫోనులో Accessibility కింద ఉండే Balance గీత చూశాం, నడిమధ్యనే ఉంది. ఇయర్‌ఫోనును వారి శ్రీమతిగారి ఫోనుకు తగిలిస్తే అదే లోపం. కనుక ఫోను నిర్దోషి. తరువాత వైరు. పిన్ను దగ్గర, వైరు రెండుగా చీలే చోట మెల్లగా వంచుతూ విన్నాం. శబ్దం వచ్చిపోతూ ఉంటే లోపల తీగ తెగినట్టు. వాద్యాలు వినబడుతూ గాయకుడి గొంతు మాత్రం మాయమైతే, రెండు పక్కలకూ ఉమ్మడిగా ఉండే తీగ తెగిందనో, పిన్ను పూర్తిగా దిగలేదనో అర్థం. వారి వైరులో ఆ లక్షణాలేవీ లేవు.

మిగిలింది జాలీ. దీపం కింద చూస్తే దాని మీద గుబిలి పొర కట్టింది. జాలీని నేలవైపు పట్టుకుని, పొడి మెత్తటి టూత్‌బ్రష్షుతో తుడిస్తే పొడి కిందికి రాలింది, శబ్దం తిరిగి వచ్చింది. సూదితో పొడవకండి, నీళ్లు తగలనీయకండి.

రెండు వైపులా సమానంగా తక్కువైతే, ఫోనులో పెద్ద శబ్దాలను తగ్గించే కట్టడి ఉందేమో చూడండి. బ్లూటూత్ హెడ్‌ఫోనుకు సొంత వాల్యూము మీట ఉంటే అదీ పెంచి చూడాలి.

ఒక పక్క తగ్గిందని మొత్తం శబ్దం పెంచితే ఆ భారం మంచి చెవి మీద పడుతుంది. 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు వినవచ్చు. 90 వద్ద 4 గంటలే.

ఇక లోపం చెవిలోనే నిలిస్తే, నోరు మూసుకుని "మ్‌మ్‌" అని కూనిరాగం తీయండి. అది మందమైన చెవిలోనే గట్టిగా వినిపిస్తే చాలావరకు గుబిలి వంటి అడ్డే కారణం. మంచి చెవిలో గట్టిగా వినిపిస్తే నరానికి దెబ్బ తగిలిందేమోనని అనుమానించాలి. ఇది మోటు పరీక్షే. వైద్యుడి పరీక్షకు బదులు కాదు. కాని వినికిడి మూడు రోజుల లోపల ఒక్కసారిగా పడిపోతే ఆలస్యం చేయకుండా చెవి వైద్యుని వద్దకు వెళ్లండి. దానికిచ్చే స్టెరాయిడ్ మందు మొదటి రెండు వారాల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం ఉంటుంది.