ప్రమాదకరంగా పనిచేసే సబ్ కాంట్రాక్టర్‌ను తప్పించాలంటే

‘మట్టిపెళ్లలు విరిగిపడి కూలీల మృతి’ అనే వార్త మన పత్రికల్లో ఏటా కనిపిస్తూనే ఉంటుంది. ఘనమీటరు మట్టి బరువు సుమారు ఒకటిన్నర టన్ను. అది ఛాతీ దాకా కప్పేస్తే తల బయటే ఉన్నా ఊపిరి ఆడదు. ఇలాంటి ప్రమాదం జరగబోతోందని ముందే తెలిసినా, పని చేయిస్తున్న ప్రధాన కాంట్రాక్టర్ తన కింది సబ్ కాంట్రాక్టర్‌ను ఎందుకు తప్పించలేకపోతాడు? అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: ‘తీసేస్తే కోర్టుకు పోతాడు.’ ఆ భయంలో నిజం లేకపోలేదు. రద్దు నోటీసు సరిగా ఇవ్వకపోతే ఒప్పందం ఉల్లంఘించిన నేరం నోటీసు ఇచ్చినవాడి మీదికే మళ్లుతుంది.

దీన్ని ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. విజయవాడ శివారులో అపార్టుమెంట్ల ప్రాజెక్టు. డ్రైనేజీ పైపులైను కోసం కందకాలు తవ్వి పైపులు వేసే పనిని ప్రధాన కాంట్రాక్టర్ 42 లక్షల రూపాయలకు ఒక సబ్ కాంట్రాక్టర్‌కు అప్పగించాడు. నల్లరేగడి నేల. కందకం లోతు 2.4 మీటర్లు. సీపీడబ్ల్యూడీ భద్రతా నియమావళినే పాటించాలని ఒప్పందంలో రాసుకున్నారు. ఆ నియమాలు ఎవరికైనా అర్థమయ్యేవే. లోతు 1.5 మీటర్లు దాటితే పక్కలను ఏటవాలుగా చెక్కాలి, లేదా గోడలు కూలకుండా చెక్కలతో, దూలాలతో దాపు పెట్టాలి. సైటు భాషలో దీన్నే షోరింగ్ అంటారు. తవ్విన మట్టిని అంచు నుంచి కనీసం 1.5 మీటర్ల దూరంలో, లేదా లోతులో సగం దూరంలో, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలి. ప్రతి 30 మీటర్ల పొడవుకు ఒక నిచ్చెన ఉండాలి.

ఫిబ్రవరి 3న సేఫ్టీ ఆఫీసర్ వెళ్లి చూస్తే 7వ మ్యాన్‌హోల్ నుంచి 9వ మ్యాన్‌హోల్ వరకు 70 మీటర్ల కందకంలో షోరింగ్ లేదు. మూడు నిచ్చెనలు ఉండాల్సిన చోట ఒక్కటే ఉంది. మట్టి కుప్ప అంచుకు 60 సెంటీమీటర్ల దూరంలోనే ఉంది. ‘రేపు చెక్కలు తెప్పిస్తా సార్, మావాళ్లకి ఇది అలవాటే’ అన్నాడు సబ్ కాంట్రాక్టర్. ఫిబ్రవరి 6న మళ్లీ చూస్తే నిచ్చెనలు వచ్చాయి, చెక్కలు రాలేదు.

ఇక్కడే చాలామంది రెండు పనులను ఒకటిగా కలిపేస్తారు. పని ఆపించడం వేరు, ఒప్పందం రద్దు చేయడం వేరు. ప్రాణాపాయం కనిపించిన క్షణంలో ఆ ముక్కలో పని ఆపించాలి. దానికి గడువులు, లెక్కలు ఉండవు. రద్దు మాత్రం ఒప్పందంలో రాసుకున్న మెట్ల ప్రకారమే జరగాలి. ఈ తేడా మరిచిపోతే సాక్ష్యం ఎదురు తిరుగుతుంది. లోపం చూశామని కాగితం మీద రాసి, ఆ తర్వాత కూడా మనుషులను లోపలికి దిగనిస్తే, ‘తెలిసీ ఊరుకున్నారు’ అనడానికి ఆ కాగితమే ఆధారమవుతుంది. ఎవరైనా చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన కేసు సబ్ కాంట్రాక్టర్ దగ్గరే ఆగిపోతుందన్న భరోసా లేదు.

మన ఉదాహరణలో ఫిబ్రవరి 7న రెండు పత్రాలు వెళ్లాయి. ఒకటి ఆ 70 మీటర్లలో పని ఆపమనే ఆదేశం. రెండోది ఒప్పందంలోని 21వ క్లాజు కింద లోపం సరిదిద్దుకోమనే నోటీసు. ఆ క్లాజు ప్రకారం నోటీసు అందిన నాటి నుంచి ఏడు రోజులు గడువివ్వాలి. అప్పటికీ సరిదిద్దకపోతే రద్దు చేయవచ్చు.

ఫిబ్రవరి 12 సాయంత్రం 4.20కి, ఆపమన్న చోటే ముగ్గురు కూలీలు కందకంలో కనిపించారు. వెంటనే వాళ్లను పైకి రప్పించి, చుట్టూ బారికేడ్లు పెట్టి, గేటు దగ్గర కాపలా ఉంచారు. ఆ రాత్రే రద్దు లేఖ పంపేద్దామని ప్రాజెక్టు మేనేజర్ తొందరపడ్డాడు. పంపి ఉంటే చిక్కులో పడేవాడు. నోటీసు 7వ తేదీది అయినా సబ్ కాంట్రాక్టర్ చేతికి అందింది 8న. అందిన రోజును వదిలేసి లెక్కిస్తే ఏడో రోజు 15. గడువు ముగియకముందే రద్దు చేస్తే, ‘నాకు సరిదిద్దుకునే అవకాశమే ఇవ్వలేదు’ అన్న వాదన అవతలివాడికి ఉచితంగా దొరికేది. ప్రాణాపాయం ఉంటే గడువు లేకుండా రద్దు చేయవచ్చని కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది. ఇందులో లేదు. అందుకే 16వ తేదీ ఉదయం మరోసారి తనిఖీ చేసి, షోరింగ్ లేదని రాసి, సబ్ కాంట్రాక్టర్ మేస్త్రీ చేత సంతకం తీసుకున్నారు. రద్దు నోటీసు 17న వెళ్లింది.

నోటీసుకు బలం వాక్యాల్లోని కోపం నుంచి రాదు. ‘మీరు భద్రతా నియమాలు బొత్తిగా పాటించడం లేదు, కూలీల ప్రాణాలతో ఆడుకుంటున్నారు’ అని రాస్తే అది అభిప్రాయం మాత్రమే. మన నోటీసులో రాసింది ఇలా ఉంది:

‘ఫిబ్రవరి 12 సాయంత్రం 4.20కి 7, 9 మ్యాన్‌హోళ్ల మధ్య 2.4 మీటర్ల లోతు కందకంలో మీ కూలీలు ముగ్గురు పనిచేస్తున్నారు. షోరింగ్ లేదు. మట్టి కుప్ప అంచుకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంది. ఆ చోట పని ఆపాలని ఫిబ్రవరి 7న మీకు ఆదేశం ఇచ్చాం. ఫొటోలు 4 నుంచి 9 వరకు జతచేశాం.’

ఎప్పుడు, ఎక్కడ, ఎంత, అంతకుముందు ఏం చెప్పాం అన్నవన్నీ అందులో ఉన్నాయి. నిచ్చెనలు పెట్టిన సంగతి కూడా నోటీసులో రాశారు. సరిదిద్దిన దాన్ని దాచిపెడితే మిగతా ఆరోపణల మీద కూడా నమ్మకం సడలుతుంది.

ఫొటోలో కొలత టేపు కనిపించాలి, వెనకాల గుర్తుపట్టగల మ్యాన్‌హోల్ నంబరు ఉండాలి. తీసిన ఫోనులోనే అసలు ఫైలును భద్రపరచాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో తీసిన సమయం వంటి వివరాలు చెరిగిపోతాయి. రేపు కోర్టులో ఆ ఫొటో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కూడా అవసరమవుతుంది.

నోటీసు రెండో సగం డబ్బు లెక్కల గురించి. అప్పటికి 18 లక్షల పని జరిగింది. ఆ కొలతలపై తర్వాత తగాదా రాకుండా, ‘ఫిబ్రవరి 19 ఉదయం 10 గంటలకు ఉమ్మడిగా కొలుద్దాం, మీరు రాకపోతే వీడియో తీస్తూ మేమే కొలిచి ఎం-బుక్‌లో రాస్తాం’ అని నోటీసులోనే చెప్పారు. మిగిలిన 24 లక్షల పనికి కొత్తవాళ్లను అడిగితే 29 లక్షలన్నారు. ఆ అయిదు లక్షల తేడాను 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద నష్టపరిహారంగా అడగవచ్చు. కాకపోతే ఒక షరతు ఉంది. నష్టం తగ్గించుకునే ప్రయత్నం మనమూ చేసి ఉండాలి. అందుకే ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకుని తక్కువకు వచ్చినవాడికే పని ఇచ్చారు. ఆ కొటేషన్లు కూడా ఫైల్లో ఉండాల్సినవే.

కూలీల జీతాల సంగతి మరిచిపోకూడదు. సబ్ కాంట్రాక్టర్ ఎగ్గొడితే ఆ బాధ్యత పైవాళ్ల మీద పడుతుందన్నది 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలో ఉన్న సూత్రమే. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలోనూ అది కొనసాగింది. కాబట్టి హాజరు పట్టీ తీసుకుని, బకాయి జీతాలు నేరుగా కూలీలకే చెల్లించి, ఆ మొత్తాన్ని సబ్ కాంట్రాక్టర్ బిల్లులో మినహాయిస్తామని రాయాలి. రద్దయింది సబ్ కాంట్రాక్టర్ ఒప్పందం. కూలీల కష్టం రద్దు కాలేదు.

చివరి పేరా హక్కులను నిలుపుకోవడం. ‘ఇక్కడ ప్రస్తావించనంత మాత్రాన మా హక్కు ఏదీ వదులుకున్నట్టు కాదు. అదనపు ఖర్చు, జాప్యం వల్ల నష్టం, రిటెన్షన్ సొమ్ము, బ్యాంకు గ్యారంటీ, ఆర్బిట్రేషన్‌కు సంబంధించిన హక్కులన్నీ మాకు ఉన్నాయి’ అనేది దాని సారాంశం. ఇంతకుముందు బిల్లులు చెల్లించినందువల్ల లోపాలను ఒప్పుకున్నట్టు కాదని కూడా అందులోనే చెప్పాలి. అయితే ఈ పేరాకు హద్దులున్నాయి. ఒప్పందంలో లేని హక్కును ఇది పుట్టించదు. బ్యాంకు గ్యారంటీ గడువును ఆపదు, ఆ తేదీలోగా బ్యాంకుకు గ్యారంటీలో చెప్పిన మాటల్లోనే డిమాండు పంపాలి. సాధారణంగా ఒప్పంద ఉల్లంఘనకు ఉండే మూడేళ్ల కాలపరిమితినీ పొడిగించదు.

దీన్ని మన చేతలే దెబ్బతీయడం తరచూ జరుగుతుంది. రద్దు నోటీసు ఇచ్చిన వారానికి ‘ఆ రెండు మ్యాన్‌హోళ్లు మాత్రం పూర్తి చేసి వెళ్లు’ అని మేనేజర్ ఫోన్‌లో మెసేజ్ పెడతాడు. దాంతో ఒప్పందం ఇంకా బతికే ఉందన్న వాదనకు దారి దొరుకుతుంది. అలాగే రాజీ మాటలు మాట్లాడాలనుకుంటే దానికి వేరే ఉత్తరం రాయాలి. రాజీ ఉత్తరాల మీద పెట్టే ‘వితౌట్ ప్రెజుడిస్’ అన్న శీర్షికను రద్దు నోటీసు మీద పెడితే, రేపు మనమే చూపించాల్సిన కాగితం మీద అనవసరమైన తగాదా మొదలవుతుంది.

పంపే పద్ధతీ ఒప్పందం చెప్పినట్టే ఉండాలి. అందులోని చిరునామాకు, అందులో చెప్పిన మార్గంలోనే పంపాలి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కాబట్టి స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్, అందినట్టు రుజువు సదుపాయాలు తీసుకుని, ఈమెయిల్ కూడా పంపి, రెండింటి రసీదులూ దాచుకోవాలి. సంతకం చేసేది ఒప్పందం ప్రకారం అధికారం ఉన్న వ్యక్తే కావాలి. సైటు ఇంజినీరు సంతకం చాలకపోవచ్చు.

నోటీసు వెళ్లినంత మాత్రాన ఆ కందకం సురక్షితం కాదు. సబ్ కాంట్రాక్టర్ పోయాక దాని బాధ్యత పూర్తిగా ప్రధాన కాంట్రాక్టర్‌దే. బారికేడ్లు, రాత్రి దీపాలు, కాపలా అతనే చూసుకోవాలి. సైటు నడిపేవాళ్లకు చెప్పేది ఒక్కటే: లోపల మనుషులుండగా నోటీసు రాయడానికి కూర్చోకండి. ముందు వాళ్లను పైకి రప్పించండి, తర్వాత టేపు పట్టండి, ఆ తర్వాతే కలం పట్టండి.