పరలోక ప్రార్థన చివరి స్తుతి బైబిల్లో ఎందుకు కనిపించదు?

ప్రొటెస్టెంట్ ఆరాధనల్లో పరలోక ప్రార్థన చెప్పేవాళ్లు రాజ్యం, బలం, మహిమ నిరంతరం నీవేనన్న స్తుతితో ముగిస్తారు. వాడుకలో ఉన్న పాత తెలుగు బైబిల్లో మత్తయి 6వ అధ్యాయం తెరిస్తే మాత్రం ప్రార్థన 13వ వచనంలో, దుష్టుని నుంచి తప్పించమనే దగ్గరే ఆగిపోతుంది. లూకా 11వ అధ్యాయం చూస్తే ఇంకా పొట్టి.

రెండు సువార్తల్లో సందర్భాలు వేరు. మత్తయిలో యేసు కొండమీద ప్రసంగిస్తూ, ఊరికే మాటలు పెంచి ప్రార్థించవద్దని చెప్పి ఈ ప్రార్థన నేర్పుతాడు. లూకాలో ఆయన ప్రార్థన ముగించగానే ఒక శిష్యుడు, యోహాను తన శిష్యులకు నేర్పినట్టు మాకూ నేర్పమని అడుగుతాడు. లూకాలో పిలుపు 'తండ్రీ' అన్న ఒక్క మాటే. దేవుని చిత్తం నెరవేరాలన్న విన్నపం, దుష్టుని నుంచి తప్పించమన్న విన్నపం అక్కడ లేవు.

ఏది ముందుదో ఎలా తేల్చాలి? చేత్తో ప్రతులు రాసేవాళ్ల అలవాటు ఇక్కడ దారి చూపుతుంది. రోజూ నోటికి వచ్చే ప్రార్థనను లేఖకుడు తెలియకుండానే పూర్తి చేసేస్తాడు. 4వ శతాబ్దపు సీనాయి ప్రతిలో, లూకా ప్రార్థనలోకి చిత్తం నెరవేరాలన్న మాట మత్తయి నుంచి వచ్చి చేరింది. అంతకంటే పాతదైన ఒక పపైరస్ ప్రతిలోనూ, వాటికన్ ప్రతిలోనూ అది లేదు. ఉన్న మాటను, అదీ ప్రార్థనలోని మాటను, కావాలని తీసేయడానికి కారణం కనిపించదు. అందుకే లూకాలో పొట్టి పాఠమే అసలుదని పండితులు ఎక్కువగా నమ్ముతారు.

స్తుతి విషయంలోనూ ఇదే తర్కం. సీనాయి, వాటికన్ ప్రతుల్లో మత్తయి ప్రార్థన చివర అది లేదు. ఈ ప్రార్థనకు వివరణ రాసిన తెర్తుల్లియన్, ఒరిగెన్, సిప్రియన్ దాని ఊసే ఎత్తలేదు. ఉన్నచోట కూడా ఒకేలా లేదు: ఒక లాటిన్ ప్రతిలో బలం మాత్రమే, ఒక సిరియాక్ ప్రతిలో రాజ్యం, మహిమ మాత్రమే. మొదటి నుంచీ రాసి ఉన్న వాక్యానికి ఇన్ని రూపాలు రావడం కష్టం. ప్రార్థనను స్తుతితో ముగించడం యూదుల నాటి నుంచీ ఉన్న ఆచారం. 1 దినవృత్తాంతములు 29వ అధ్యాయంలో దావీదు చేసిన స్తుతిలోనూ ఇవే భావాలున్నాయి. తొలి క్రైస్తవుల బోధగ్రంథం దిదాకే ఈ ప్రార్థనను రోజుకు మూడుసార్లు చెప్పమంటూ, చివర బలం, మహిమ అన్న రెండు మాటలే ఇస్తుంది. అంటే స్తుతి ఆరాధనలో పాతదే. పుస్తకంలోకి మాత్రం ఆలస్యంగా వచ్చింది. నా దృష్టిలో ఇది దాని విలువను తగ్గించదు.

తర్వాతి గ్రీకు ప్రతుల్లో ఎక్కువ భాగం దాన్ని చేర్చుకున్నాయి. 1516లో ఎరాస్మస్ అచ్చువేసిన గ్రీకు పాఠంలో అది ఉంది. అక్కడి నుంచి 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లోకి వచ్చింది. లాటిన్ బైబిలు అనుసరించిన కథోలికుల జపం స్తుతి లేకుండానే సాగింది. 1969లో వెలువడిన పూజాక్రమంలో మాత్రం జపం తర్వాత గురువు మరో చిన్న ప్రార్థన చెబుతారు, ఆపైన ప్రజలు ఈ స్తుతి పలుకుతారు.