‘లో’ ముందా, వెనకా?

నాన్నగారికో అమ్మకో బదిలీ అయిన ప్రతిసారీ మనకు కొత్త భాష ఎదురవుతుంది. ఆ భాషలో పదాలన్నీ ఒక్కొక్కటిగా నేర్చుకోవలసిందే, దానికి దగ్గరిదారి లేదు. వాక్యంలో పదాల వరుస సంగతి మాత్రం వేరు. అందులో ఒక్క విషయం కనిపెడితే, ఇంకా వినని మరికొన్ని విషయాలను ముందే ఊహించవచ్చు. అదెలాగో చూద్దాం.

తెలుగులో ‘నేను అన్నం తింటాను’ అంటాం. కర్త, కర్మ, చివర క్రియ. ‘ఇంట్లో’ అన్నప్పుడు ‘ఇల్లు’ ముందు, ‘లో’ వెనక. హిందీలో ‘మైఁ చావల్ ఖాతా హూఁ’, ‘ఘర్ మేఁ’. ఇక్కడా కర్మ తరువాత క్రియ, పేరు తరువాత ‘మేఁ’. ఇంగ్లీషు దీనికి తలకిందులు. ‘ఐ ఈట్ రైస్’ అన్నప్పుడు క్రియ ముందు, కర్మ వెనక. ‘ఇన్ ద హౌస్’ అన్నప్పుడు ‘ఇన్’ ముందు, ఇల్లు వెనక.

షిల్లాంగ్‌లో చదివినవారికి ఖాసీ భాష చెవిన పడే ఉంటుంది. అందులో ‘ఙా బామ్ జా’ అంటే ‘నేను తింటాను అన్నం’. ఇది క్రియ ముందు, కర్మ వెనక వచ్చే భాష. మరి ‘బజారుకు’ అనాలంటే? ‘షా ఇయూ’. ‘షా’ అంటే ‘కు’, ‘ఇయూ’ అంటే బజారు. ఇంగ్లీషుకూ ఖాసీకీ చుట్టరికం లేకపోయినా రెండింటిలోనూ వరుస ఒకటే.

గ్రీన్‌బర్గ్ గమనించినది

ఇది కాకతాళీయమా అని అమెరికా భాషాశాస్త్రవేత్త జోసెఫ్ గ్రీన్‌బర్గ్ పరిశీలించాడు. వేరు వేరు ఖండాలకు చెందిన 30 భాషలను ఎంచుకుని, వాటి పదక్రమాలను పోల్చి, 45 సూత్రాలు రాశాడు. ఆ వ్యాసం 1963లో అచ్చయింది. ఆ ముప్పై భాషల్లో మన దేశం నుంచి హిందీ, కన్నడం ఉన్నాయి.

ఆ సూత్రాల్లో చాలావాటి రూపం ‘ఇది ఉంటే అదీ ఉంటుంది’ అని. ఉదాహరణకు, క్రియ చివర వచ్చే భాషల్లో ‘లో, కు, మీద’ వంటి మాటలు దాదాపు ఎప్పుడూ పేరు తరువాతే వస్తాయని ఒక సూత్రం చెబుతుంది.

ముప్పై భాషలు చాలా తక్కువ. తరువాత మాథ్యూ డ్రయర్ అనే భాషాశాస్త్రవేత్త ఎన్నో వందల భాషల వివరాలు సేకరించాడు. ఆయన పట్టికలో కర్మ తరువాత క్రియ వచ్చి, పేరు తరువాత ‘లో’ వచ్చే భాషలు సుమారు 470. క్రియ తరువాత కర్మ వచ్చి, పేరుకు ముందు ‘లో’ వచ్చే భాషలు సుమారు 450. ఈ పొందిక తప్పిన భాషలు రెండు వైపులా కలిపినా అరవైకి మించవు. ఈ రెండు లక్షణాలకూ సంబంధమే లేకపోతే నాలుగు గళ్లూ ఇంచుమించు సమానంగా నిండవలసింది.

‘అయితే’ ఒక వైపే పనిచేసినప్పుడు

కొన్ని సూత్రాలు ఒక దిక్కుకే పనిచేస్తాయి. ‘నేను నిన్న కొన్న పుస్తకం’ అనే మాట చూడండి. పుస్తకాన్ని వర్ణించే భాగమంతా పుస్తకానికి ముందుంది. ఇంగ్లీషులో ‘ద బుక్ దట్ ఐ బాట్ యెస్టర్‌డే’ అంటాం, అంటే వర్ణన వెనక్కి పోయింది.

డ్రయర్ లెక్కలో క్రియ తరువాత కర్మ వచ్చే భాషలన్నీ దాదాపుగా ఇంగ్లీషు దారినే నడుస్తాయి. వర్ణనను ముందు పెట్టేవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. వాటిలో చైనీస్ ఒకటి. ‘వో మై ద షూ’ అంటే అక్షరాలా ‘నేను కొన్న పుస్తకం’. కానీ క్రియ చివర వచ్చే భాషలు రెండు రకాలుగానూ ఉన్నాయి. తెలుగు వర్ణనను ముందు పెడుతుంది. పారశీకంలోనూ క్రియ చివరే వస్తుంది, అయినా ఈ రకం వర్ణన పేరు తరువాత వస్తుంది.

అంటే ఒక భాషలో క్రియ కర్మకు ముందు వస్తుందని తెలిస్తే, ఇలాంటి వర్ణన పేరు వెనక వస్తుందని చెప్పవచ్చు. క్రియ చివర వస్తుందని మాత్రమే తెలిస్తే ఏమీ చెప్పలేం. ‘వాన పడితే నేల తడుస్తుంది, కానీ నేల తడిసి ఉంటే వాన పడిందని కాదు’ అన్నట్టే ఇదీను.

లెక్కలో ఒక ఉచ్చు

భాషలను ఊరికే లెక్కపెడితే మోసపోతాం. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, గోండీ అన్నింటిలోనూ క్రియ చివరే, ‘లో’ వెనకే. అలాగని వాటిని అయిదు సాక్ష్యాలుగా లెక్కించకూడదు. అవి ఒకే మూలభాష నుంచి వచ్చినవి, వరుసను వారసత్వంగా తెచ్చుకున్నాయి. ఒకే ఇంటి అయిదుగురు అన్నదమ్ములను అడిగి ఊరందరి మాటా ఇదే అన్నట్టు ఉంటుంది. పక్కపక్కన బతికే భాషలు కూడా ఒకదాన్నొకటి అనుకరిస్తాయి. అందుకే డ్రయర్ 1992లో ప్రకటించిన పరిశోధనలో దగ్గరి చుట్టాలను ఒక్కటిగా లెక్కించి, ప్రపంచాన్ని ఆరు ప్రాంతాలుగా విడదీసి, ఆరింటిలోనూ అదే మొగ్గు కనిపిస్తేనే సూత్రాన్ని ఒప్పుకున్నాడు.

దీనికి మన దేశంలోనే చక్కటి పరీక్ష ఉంది. ఖాసీ ఆస్ట్రో-ఆసియాటిక్ కుటుంబానికి చెందిన భాష. సంతాలీ, శ్రీకాకుళం–పార్వతీపురం కొండల్లో వినిపించే సవర భాష కూడా ఆ కుటుంబానివే. ఖాసీలో ‘అన్నం తిను’ అనడానికి ‘బామ్ జా’, క్రియ ముందు. సంతాలీలో ‘దాకా జొమ్’, ‘దాకా’ అంటే అన్నం, క్రియ వెనక. ‘ఇంట్లో’ అనడానికి ఖాసీలో ‘హా ఇంగ్’, ‘హా’ ముందు. సంతాలీలో ‘ఒడాక్ రె’, ‘రె’ వెనక. ఒకే కుటుంబంలో క్రియ చోటు వేరైతే, ‘లో’ చోటు కూడా దానితోపాటే వేరైంది. సంతాలీ, సవర శాఖే పాత వరుసను వదిలి ఈ దారికి వచ్చిందని చాలామంది భాషాశాస్త్రవేత్తల అభిప్రాయం. చుట్టరికమే కారణమైతే రెండూ ఒకేలా ఉండాలి కదా!

ఎందుకిలా?

దీనికి జవాబు మనం బట్టీపట్టిన విభక్తుల్లోనే కొంత దొరుకుతుంది. ‘నిన్, నున్, లన్, కూర్చి, గురించి’ అని ద్వితీయా విభక్తి చదివాం కదా. వీటిలో ‘కూర్చి’, ‘గురించి’ చూడటానికే క్రియల్లా ఉన్నాయి. నిజంగానే అవి ‘కూర్చు’, ‘గురించు’ అనే క్రియల నుంచి వచ్చినవి. ‘గురించు’ అంటే గురిపెట్టు. ‘నిన్ను గురించి చెప్పాడు’ అంటే మొదట ‘నిన్ను గురిగా పెట్టుకుని చెప్పాడు’ అని అర్థం. అందుకే ఇప్పటికీ దాని ముందు ‘నిన్ను’ అనే కర్మరూపం నిలిచింది. ‘దాన్ని బట్టి’ కూడా అంతే, ‘పట్టు’ అనే క్రియ నుంచి వచ్చింది.

మన భాషలో కర్మ ముందు, క్రియ వెనక. ఆ క్రియ కాలక్రమంలో అరిగి విభక్తిగా మారినా, ఉన్నచోటనే, అంటే పేరు వెనకనే ఉండిపోయింది. ఇంగ్లీషులో క్రియ ముందు వస్తుంది కాబట్టి ‘రిగార్డింగ్’ అనే క్రియారూపం అదే పనికి వాడుకలోకి వచ్చినప్పుడు ‘రిగార్డింగ్ యువర్ లెటర్’ అని పేరుకు ముందే నిలిచింది.

రెండో దారి నామవాచకాలది. ‘ఇంటి ముందు’, ‘ఇంటి వెనక’ అన్నప్పుడు వాడే ‘ఇంటి’, ‘ఇంటి తలుపు’లోని ‘ఇంటి’ ఒకటే. ‘ముందు’ అంటే ముందరి భాగం. సొంతదారు ముందు, సొత్తు వెనక అనే మన వరుసే ఇక్కడా ఉంది. ఇలా వేరు వేరు పదాలు వేరు వేరు కాలాల్లో మారినా, అన్నీ ఒకే వైపుకు చేరాయి. సూత్రాన్ని ఎవరూ పెట్టలేదు, పదాల పాత నివాసాలే దాన్ని తయారుచేశాయి. కారణం ఇదొక్కటే కాదని, వినేవారికి వాక్యం తేలికగా అర్థం కావడం కూడా ఇందులో పాత్ర వహిస్తుందని వాదించేవారూ ఉన్నారు.

తప్పిపోయినవి

పారశీకంలో క్రియ చివర వచ్చినా ‘ఇంట్లో’ అనడానికి ‘దర్ ఖానే’ అంటారు, ‘దర్’ ముందే. హిందీలో వినే ‘దర్‌అసల్’లోని ‘దర్’ ఇదే. కశ్మీరీ మరో రకం. ‘నేను అన్నం తింటున్నాను’ అనడానికి ‘బు ఛుస్ బతు ఖ్యవాన్’ అంటారు. ‘ఛుస్’ అనే సహాయక్రియ వాక్యంలో రెండోచోటికి వచ్చేసింది. అయినా ‘ఇంట్లో’ అనేది ‘గరస్ మంజ్’, ‘మంజ్’ వెనకే.

ఇంకొకటి అందరూ ఉందనుకున్నా లేనిది. క్రియ చివర వస్తే విశేషణం పేరుకు ముందు వస్తుందని కొందరు పండితులు కొంతకాలం నమ్మారు. తెలుగు, హిందీలను చూస్తే నిజమే అనిపిస్తుంది. కానీ లద్దాఖీలో క్రియ చివరే వచ్చినా ‘పెద్ద ఇల్లు’ను ‘ఖాంగ్‌పా ఛెన్‌మో’, అంటే ‘ఇల్లు పెద్ద’ అంటారు. ఇంగ్లీషులో క్రియ ముందుకు వచ్చినా ‘బిగ్ హౌస్’ అంటాం. భాషల సంఖ్య పెంచి లెక్కవేసేసరికి ఆ సంబంధం నిలవలేదు.

మీరే చూడండి

ఈసారి కొత్త ఊరికి వెళ్లినప్పుడు అక్కడి స్నేహితుణ్ణి మూడు మాటలు అడగండి: ‘అబ్బాయి పండు తిన్నాడు’, ‘బల్ల మీద’, ‘నేను కొన్న పుస్తకం’. మొదటిది విని, మిగతా రెండింటి వరుసను కాగితం మీద ముందే ఊహించి రాసుకోండి. ఒక జాగ్రత్త. మొదటి వాక్యం మామూలుగా, ఏ మాటనూ ఒత్తి పలకకుండా చెప్పమనండి. ‘తిన్నాడు అబ్బాయి పండు’ అని మనమూ కోపంలోనో, పాటలోనో అంటాం. దాన్నిబట్టి తెలుగులో క్రియ ముందు వస్తుందని ఎవరైనా రాసుకుంటే, తరువాతి ఊహలన్నీ తలకిందులవుతాయి. రెండో ఊహ దాదాపు ఎప్పుడూ నిజమవుతుంది. మూడోది మాత్రం, ఆ భాషలో క్రియ చివర వస్తున్నట్లయితే, అడిగి తెలుసుకోవలసిందే.