తాత పేరు మీదే ఉన్న పొలం: విరాసత్ మార్పిడిపై అపోహలు, వాస్తవాలు

ఆదోని, ఎమ్మిగనూరు తహసీల్దార్ ఆఫీసుల ముందు అర్జీలు రాయించుకునేవాళ్ళ మాటలు కాసేపు వింటే ఒకటి అర్థమవుతుంది. పొలం దున్నేది మనవళ్ళు, 1బీలో పేరు మాత్రం ఇంకా తాతదే. ఆ తాత పోయి పదేళ్ళో ఇరవయ్యేళ్ళో అయి ఉంటుంది. బ్యాంకులో లోను అడిగినప్పుడో, పీఎం కిసాన్ డబ్బు ఆగినప్పుడో ఈ సంగతి బయటపడుతుంది. అప్పుడు హడావుడిగా బయల్దేరితే ఊళ్ళో తలా ఒక మాట చెబుతారు. ఆ మాటల్లో సగం తప్పు.

"పాసుబుక్కు ఎవరి పేరు మీద ఉంటే భూమి వాళ్ళదే"

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. పెద్దకొడుకు తన ఒక్కడి పేరు ఎక్కించుకుంటే తమ్ముళ్ళు, అక్కచెల్లెళ్ళు ఇక భూమి పోయిందనుకుని ఊరుకుంటారు. పాసుబుక్కు చేతికొచ్చినాయన కూడా అలాగే అనుకుంటాడు. రికార్డులో పేరు మార్చడం హక్కును పుట్టించదు. తండ్రి కన్నుమూసిన క్షణానే వారసులకు వాటా వచ్చేస్తుంది, రెవెన్యూ ఆఫీసు దాన్ని పుస్తకంలోకి ఎక్కిస్తుంది, అంతే. 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టం కూడా రికార్డులో ఉన్నది నిజమని అనుకోమంటుంది, కానీ కాదని ఎవరైనా రుజువు చేసేదాకానే. వాటా దక్కనివాళ్ళు సివిల్ కోర్టులో డిక్రీ తెచ్చుకుంటే రికార్డు దాని ప్రకారం మారుతుంది.

"ఫ్యామిలీ సర్టిఫికెట్‌లో పేరు లేకపోతే వాటా లేదు"

ఈ మాట తప్పని తెలియాలంటే ఒక లెక్క వేసి చూడాలి. ఒక ఊళ్ళో ఒకాయన తన కష్టార్జితంతో ఆరెకరాలు కొన్నాడనుకుందాం. హిందూ కుటుంబం. ఆయన 2009లో వీలునామా రాయకుండా పోయాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం నలుగురికీ సమానం, తలా ఎకరన్నర. కూతురికి పెళ్ళయిందా, కట్నం ఇచ్చారా అన్నది ఈ లెక్కలోకి రాదు.

2021లో పెద్దకొడుకు పోయాడు. ఆయనకూ వీలునామా లేదు. ఆయన ఎకరన్నర ఎవరికి? భార్యకు, కొడుకుకు, కూతురికి అంటారు అందరూ. కానీ ముసలామె, అంటే ఆయన తల్లి, ఇంకా బతికే ఉంది. చట్టంలో తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. కాబట్టి ఆ ఎకరన్నర నాలుగు భాగాలై తలా 37½ సెంట్లు అవుతుంది. చివరికి అవ్వకు ఎకరా 87½ సెంట్లు, చిన్నకొడుకుకు ఎకరన్నర, ఆడబిడ్డకు ఎకరన్నర, పెద్దకోడలికీ ఆమె ఇద్దరు పిల్లలకూ తలా 37½ సెంట్లు. కూడితే సరిగ్గా ఆరెకరాలు.

పెద్దకొడుకు పోయినప్పుడు పింఛను కోసమో, బ్యాంకు ఖాతా కోసమో తీసిన కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌లో సాధారణంగా భార్యా పిల్లలే ఉంటారు. అదే కాగితాన్ని పొలం పేరు మార్పిడికీ జతచేస్తే అవ్వ పేరు అక్కడే రాలిపోతుంది. ఆ సర్టిఫికెట్ ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పే కాగితం, వాటాలు తేల్చేది కాదు. అందులో పేరు లేనంత మాత్రాన అవ్వ హక్కు ఎక్కడికీ పోదు, కానీ తెచ్చుకోవడానికి ఆ వయసులో ఆమె కోర్టు మెట్లెక్కాలి. అందుకే అర్జీ పెట్టేముందే పోయిన ప్రతి మనిషికీ విడిగా వంశవృక్షం గీసి, తల్లి, కూతుళ్ళ పేర్లు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

తాతల నాటి నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే లెక్క మారుతుంది, 2005 సవరణతో కూతురు కూడా అందులో పుట్టుకతోనే వాటాదారు. తండ్రి ఆ సవరణకు ముందే పోయినా సరే ఆమె హక్కు నిలుస్తుందని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముస్లిం కుటుంబాలకు షరియత్ లెక్క వేరు. అక్కడ కొడుకు వాటాలో సగం కూతురికి, పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు వస్తుంది.

"తెల్లకాగితం మీద చెల్లెలు సంతకం పెట్టింది, అయిపోయింది"

అవలేదు. పేరు మార్పిడికి అభ్యంతరం లేదని ఇచ్చే అఫిడవిట్ వేరు, వాటా వదులుకోవడం వేరు. భూమిలో హక్కు వదులుకోవాలంటే హక్కు విడుదల పత్రం రిజిస్టర్ కావాలి. నోటరీ ముద్ర దానికి సాటిరాదు. ఈ సంగతి తెలిస్తే ఆడబిడ్డలు ఏ కాగితం మీద సంతకం పెడుతున్నామో చదివించుకుని పెడతారు, అన్నలు కూడా తర్వాత మోసపోయామని అనుకోరు.

"తాత చావు సర్టిఫికెట్ లేదు, ఇక పని కాదు"

అవుతుంది, కాస్త తిరగాలి. మన పల్లెల్లో మరణం నమోదు చేయించని ఇళ్ళు చాలా ఉన్నాయి. ఏడాది దాటిన మరణాన్ని నమోదు చేయాలంటే ముందు రికార్డులో లేదని పంచాయతీ నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి, ఆ తర్వాత అధికారి ఆర్డరు కావాలి. 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ఈ ఆర్డరు ఇచ్చే అధికారం జిల్లా, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ల చేతికి, కలెక్టరు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ల చేతికి వచ్చింది. పై ఉదాహరణలో రెండు చావులున్నాయి కాబట్టి రెండు సర్టిఫికెట్లూ కావాలి. ఒకటి లేకుండా రెండోది మాత్రం పెడితే గొలుసు తెగుతుంది, అర్జీ వెనక్కొస్తుంది.

తొంభై రోజులు దాటాయని భయపడేవాళ్ళూ ఉన్నారు. వారసత్వంగా హక్కు వచ్చిన 90 రోజుల్లో తహసీల్దారుకు రాతపూర్వకంగా చెప్పాలని చట్టం అంటుంది, నిజమే. గడువు దాటినంత మాత్రాన భూమి హక్కు పోదు.

ఆఫీసులో అడిగేవి, అర్జీ ఆగే చోట్లు

మరణ ధ్రువపత్రాలు, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్లు, పాత పాసుబుక్కు, తాజా 1బీ, అడంగల్, వారసులందరి ఆధార్, మిగిలినవాళ్ళ అంగీకారం. వీటితో మీసేవలోనో సచివాలయంలోనో అర్జీ ఇస్తే వీఆర్వో ఊళ్ళో విచారించి నివేదిక రాస్తాడు. హక్కు దెబ్బతినే అవకాశం ఉన్న ప్రతి ఒక్కరికీ నోటీసు వెళ్ళాలి. వలసకు గుంటూరు మిరపచేలకో బెంగళూరుకో వెళ్ళినవాళ్ళకు అది అందకపోవడం ఇక్కడ మామూలే. కాబట్టి అర్జీ పెట్టేవాళ్ళే ఫోన్ చేసి చెప్పడం మంచిది.

అర్జీలు ఎక్కువగా పేరు దగ్గర ఆగిపోతాయి. రికార్డులో "ఈరన్న", ఆధార్‌లో "వీరన్న" అని ఉంటుంది. మనకు ఒక్కడే మనిషి, కంప్యూటర్‌కు ఇద్దరు. ఇద్దరూ ఒకరేనని చెప్పే అఫిడవిట్‌తో పాటు పాత రేషన్‌కార్డు, ఓటరు కార్డు పెట్టుకుంటే తర్వాత తిరుగుడు తగ్గుతుంది. ఆదోని తాలూకా 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది కాబట్టి ముత్తాత కాలపు దస్తావేజుల్లో ఆ జిల్లా పేరుంటే కంగారు పడొద్దు. రీసర్వే అయిన ఊళ్ళల్లో అర్జీలో పాత సర్వే నంబరు రాస్తే చాలదు, కొత్త ఎల్‌పీఎం నంబరు కూడా చూసుకోవాలి.

"ఈసీ తీస్తే అంతా తెలుస్తుంది"

ఈసీలో రిజిస్టర్ అయిన లావాదేవీలే ఉంటాయి. తాత పోయాడని, వారసులు ఆరుగురని అందులో కనబడదు. పొలం కొనేవాళ్ళు ఈసీ ఒక్కటే చూసి బయానా ఇస్తే తర్వాత అత్తగారింట్లో ఉన్న ఆడబిడ్డ నుంచి లాయరు నోటీసు వస్తుంది.

"విరాసత్ అయితే వాటాలు కూడా పంచేసినట్టే"

వారసులందరి పేర్లు ఉమ్మడిగా ఎక్కడం ఒక పని, ఎవరి చెక్క వాళ్ళకు విడదీయడం ఇంకో పని. రెండోదానికి రిజిస్టర్డ్ భాగపరిష్కార దస్తావేజు, సర్వేయరు చేసే సబ్ డివిజన్ కావాలి. కాలువ కింది మడి ఎవరికి, మెట్ట చెక్క ఎవరికి అన్న మాట ఇంట్లోనే తేల్చుకోవాలి, తహసీల్దారు తేల్చడు.

మార్పిడి అయిందన్న మాట చెవిన పడగానే మీభూమి వెబ్‌సైట్‌లో 1బీ తీసి, పేర్లూ విస్తీర్ణమూ సెంట్లతో సహా సరిచూసుకోవాలి. తిరస్కరిస్తే నోటిమాటతో వెనక్కి రావద్దు. కారణం రాసిన ఆర్డరు కాపీ అడిగి తీసుకోవాలి. అది చేతిలో లేకపోతే పై అధికారి దగ్గర అప్పీలు వేయడం కష్టం.